టమాటా ఫ్రిజ్‌లోనా, బయటా?

సుమ: ఉల్లి, వెల్లుల్లి బయటే ఉంచుతాం, అందులో గొడవ లేదు. టమాటా దగ్గరే పేచీ. మా ఆయన ఫ్రిజ్ అంటారు, నేను బుట్ట అంటాను. ఎవరిది కరెక్ట్?

వేణు: బయటే అండి. చలి తగిలిందంటే టమాటా రుచి పోయినట్టే, ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

రమణ: వేణు గారూ, ‘ఎప్పుడూ’ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. కోల్డ్ స్టోరేజీలో చాలాకాలం పనిచేశాను. ముందు కాయ పండిందా లేదా చూడాలి. దోరకాయను 12 డిగ్రీల లోపు చలిలో రోజుల తరబడి ఉంచితే సరిగ్గా పండే గుణం పోతుంది, ఇంటి ఫ్రిజ్ ఎలాగూ 4-5 డిగ్రీల్లో ఉంటుంది. అలాంటి కాయ బయటికి తీశాక అక్కడక్కడా రంగు తిరిగి, మచ్చలు పడి, కోస్తే కండ పిండిపిండిగా ఉంటుంది. బాగా పండిన కాయ వేరు. వంటగది 30 డిగ్రీలు దాటితే అది ఒకటి రెండు రోజుల్లో మెత్తబడి కుళ్లుతుంది, కాబట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచడమే మేలు.

ఉదాహరణకు పది తెచ్చారు, నాలుగు ఎర్రగా పండాయి, ఆరు దోరగా ఉన్నాయి అనుకోండి. ఆ ఆరింటినీ ఎండ తగలని చోట పళ్లెంలో, ఒకదాని మీద ఒకటి పడకుండా, తొడిమ వైపు కిందికి పెట్టండి. ఎర్రవాటిలో ఇవాళ వాడేవి బయట ఉంచి మిగతావి ఫ్రిజ్‌లో పెట్టండి, పచ్చిగా తినాలంటే కొన్ని గంటల ముందే తీయండి.

లక్ష్మి: నేను ఉల్లిపాయలు కవర్‌లో కట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టాను. పది రోజులకు పైపొర జిగటగా అయింది, రెండింటికి మొలకలొచ్చాయి. వెల్లుల్లి లోపల బాగానే ఉంది కానీ, బయటికి తీసిన వారానికే పచ్చటి మొలకలు!

రమణ: ఉల్లిని పాడుచేసింది కవర్లో నిలిచిన తేమ అండి. వెల్లుల్లికైతే ఆ చలే మొలకెత్తమని చెప్పినట్టు.

కిరణ్: అయితే వెల్లుల్లి ఒలిచి, నూనెలో వేసి బయటే ఉంచుకుంటే సరిపోతుంది కదా?

రమణ: వద్దు కిరణ్! ఇక్కడ అడిగింది ఒలవని వెల్లుల్లి గురించి. పచ్చి రెబ్బలు నూనెలో మునిగితే గాలి తగలదు, అక్కడ బొటులిజం అనే ప్రమాదకరమైన ఫుడ్ పాయిజనింగ్ తెచ్చే బ్యాక్టీరియా పెరగొచ్చు, వాసన చూస్తే తెలియదు. అది ఫ్రిజ్‌లోనే ఉండాలి, మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.

వేణు: పండిన కాయ సంగతి ఒప్పుకుంటాను. కానీ వాసన మాటేంటి? 2016లో ఫ్లోరిడా పరిశోధకులు 5 డిగ్రీల్లో 7 రోజులు ఉంచిన టమాటాలు చూశారు, ఆ తర్వాత ఒక రోజు బయట పెట్టినా వాసన పూర్తిగా తిరిగి రాలేదు.

రమణ: అది వారం లెక్క, నేను చెప్పేది రెండు మూడు రోజులు. పైగా వండితే ఆ తేడా నాకైతే తెలియదు.

వేణు: నాకు వండినా తెలుస్తుంది.

సుమ: మా ఇంట్లో సగం కాయలు దోరగా ఉండగానే లోపలికి వెళ్తున్నాయి, ఆ పిండి కండ ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఇవాళే వేరు చేస్తాను.