సెలవు మెయిల్‌లో క్లాసుకి ఎవరెళ్తారో కూడా మనమే రాయాలా?

శ్రీకాకుళం టీచర్ (అడిగినవారు): గురువారం నుంచి శనివారం దాకా సెలవు పెడుతున్నాను, బొబ్బిలిలో పెళ్లి. పదో తరగతి రెండు సెక్షన్లకీ లెక్కలు నేనే చెప్తాను. కోఆర్డినేటర్ గారికి మెయిల్ రాయాలి. నా పీరియడ్లకి ఎవరెళ్తారో నేనే మాట్లాడి రాయాలా? చేయించాల్సింది ఎంత వివరంగా రాయాలి?

నాగావళి: ముందు పేర్లు కాదండీ, పీరియడ్లు రాయండి. సబ్జెక్ట్ లైన్‌లోనే "సెలవు గురు–శని, 10ఎ, 10బి లెక్కలు, 6 పీరియడ్లు" అని ఉంటే ఆవిడ టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని సర్దుకుంటారు. లోపల రోజు, పీరియడ్, సెక్షన్ వరసగా ఇవ్వండి.

తర్వాత ఎక్కడ ఆపారో రాయాలి. "వర్గ సమీకరణాలు కొనసాగించగలరు" అని వదిలేస్తే వచ్చినవారు మళ్లీ మొదటి పేజీ నుంచి ఎత్తుకుంటారు. "10ఎ: అభ్యాసం 4.2లో 4వ లెక్క దాకా అయింది. 10బి: 2 దాకా" అని విడివిడిగా రాయండి.

ప్రతి లెక్క కిందా జవాబూ, పిల్లలు జారే చోటూ ఒక్కో లైను. 10బికి 3వ లెక్క: రెండు సంఖ్యల మొత్తం 27, లబ్ధం 182. x(27 − x) = 182 దాకా బాగానే వస్తారు. ఒక పక్కకి తెచ్చేటప్పుడు గుర్తులు తారుమారై x² + 27x − 182 అవుతుంది. రావాల్సింది x² − 27x + 182 = 0, జవాబు 13, 14. 10ఎకి 5వ లెక్క, లంబకోణ త్రిభుజం: 12, −5 వస్తాయి. −5ని కూడా భూమి అని రాసేస్తారు, పొడవు ఋణాత్మకం కాదని గుర్తుచేస్తే చాలు.

వంశధార: ఇంత రాస్తే చదివేదెవరు? ఒక్క పేజీ దాటకూడదు. పైగా మూడు రోజులూ పాత లెక్కలేనా? మూలాల స్వభావం మొదలుపెట్టించండి, సూత్రం ఒకటే కదా. పదో తరగతిలో ఆరు పీరియడ్లు పోతే మళ్లీ ఎప్పుడు పూడుస్తారు?

రాజాం నుంచి: సెలవు మంజూరు కాకపోతే ఏం చేయాలి? నాదీ అదే సమస్య.

నాగావళి: రాజాం వారూ, ఆవిడ అడిగింది అది కాదు, వేరే చర్చ పెట్టండి.

వంశధార గారూ, పేజీ దాటకూడదన్నది ఒప్పుకుంటాను. కొత్త పాఠం మాత్రం వెళ్లేవారు లెక్కల టీచరైతేనే. 2x² − 3x + 5 = 0 తీసుకోండి. b² అంటే (−3)², 9. విచక్షణి 9 − 40 = −31. పిల్లలు b²ని −9 అని వేసి −49 తెస్తారు. రెండూ ఋణాత్మకమే కాబట్టి "వాస్తవ మూలాలు లేవు" అన్న చివరి మాట రెండు నోట్‌బుక్కుల్లోనూ ఒకటే. సోషల్ మాస్టారు చివరి లైను చూసి టిక్ పెడతారు. ఆ తప్పు ఆ క్లాసులో దొరకదు, అలవాటైపోతుంది.

వంశధార: అంటే సోషల్ వాళ్లకి ఏమీ రాదనా? జవాబు −31 అని నోట్స్‌లో రాస్తే ఆయనా చూసుకోగలరు. మీరే కదా ప్రతి లెక్కకీ జవాబు ఇమ్మన్నారు!

నాగావళి: ఆయనకి రాదనలేదు. −49 ఎందుకొచ్చిందని పిల్లాడు అడిగితే అక్కడికక్కడ విప్పి చెప్పాలి, అది ఒక్క పేజీ నోట్స్‌లో ఇమడదు.

సువర్ణముఖి: మీ ఇద్దరి గొడవా లెక్క మీద కాదు. పోయే ఖాళీ పీరియడ్ ఎవరిది అన్నదే అసలు సంగతి. మా స్కూల్లో వేరేవాళ్ల సెలవులకి వరసగా నా ఖాళీలే పోయాయి. అప్పుడే నోట్‌బుక్కులు దిద్దుకునేదాన్ని, కట్ట ఇంటికి మోసుకెళ్లాల్సొచ్చింది. ఎవరూ రాసిపెట్టలేదు, తిరిగి ఇవ్వలేదు. అందుకే కొత్త పాఠం చెప్పమంటే నాకు మండుతుంది, వచ్చినా చెప్పను.

వంశధార: ఇది ముందే చెప్పాల్సింది. నేను సిలబస్ అంటున్నది కూడా అందుకే: సెలవు పెట్టినవాళ్లు తిరిగొచ్చి ఇంకొకరి పీరియడ్ అడుగుతారు, మళ్లీ నాకే తగులుతుంది.

నాగావళి: అలాగైతే పేర్ల సంగతి ఇలా చేయండి. ఇద్దరిని ముందే అడగండి, ఒకరు లెక్కలు చెప్పేవారైతే మంచిది. "ఫలానావారు గురువారం 2వ పీరియడ్‌కి వీలవుతుందన్నారు, మీ నిర్ణయం ప్రకారం" అని రాసి, వాళ్లనీ సీసీలో పెట్టండి. వేసేది కోఆర్డినేటరే, అప్పుడే అది రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. నోటి మాటగా ఒప్పించుకుంటే సువర్ణముఖి గారన్నట్టు లెక్కలోకే రాదు. బుధవారం మధ్యాహ్నానికి జవాబు రాకపోతే స్టాఫ్ రూమ్‌లోనే అడగండి. పెళ్లి పందిట్లో మీరు ఫోన్ ఎత్తలేరు కదా.

శ్రీకాకుళం టీచర్: 10బికి లెక్కల మాస్టారు ఒప్పుకున్నారు, అక్కడ విచక్షణి మొదలుపెట్టమంటాను. 10ఎకి 5, 6 లెక్కలే, జవాబులతో. ఆయన పీరియడ్ వచ్చే వారం నేను తీసుకుంటానని మెయిల్‌లో రాయొచ్చా?

సువర్ణముఖి: రాయండి. తేదీతో రాయండి.

వంశధార: రాయకూడదు. ఒకసారి రాస్తే ప్రతి సెలవుకీ అదే రివాజు అవుతుంది. ఒంట్లో బాగోక పెట్టిన సెలవుకి కూడా తిరిగి కట్టాలా?