ఉన్నట్టుండి వాచీ రోజుకు 4 నిమిషాలు ముందుకు: అయస్కాంతమా, సర్వీసా?

కొత్తవాచీ: నా ఆటోమేటిక్ వాచీకి 3 ఏళ్లు. ఇన్నాళ్లూ రోజుకు 6 సెకన్లు ముందుండేది. సోమవారం నుంచి 4 నిమిషాలు ముందుంటోంది. కింద పడలేదు, తడవలేదు. షాపులో మొత్తం విప్పి సర్వీస్ చేయాలంటున్నారు. నిజంగా అవసరమా?

సెకన్లముల్లు: అక్కర్లేదు. ముందుకు పోతే అయస్కాంతం పట్టినట్టు, వెనకబడితే నూనె ఎండినట్టు. లెక్క అంతే.

పాతకీ: మొదటి సగం చాలావరకు నిజమేనండి, రెండోదే తేడా. నూనె చిక్కబడితే బ్యాలెన్స్ వీల్, అంటే లోపల అటూ ఇటూ ఊగే చక్రం, దాని ఊపు తగ్గుతుంది. అప్పుడు వాచీ వెనకబడొచ్చు, ముందుకూ పోవచ్చు. రెండు రకాలవీ నా బల్ల మీదకు వచ్చాయి.

కొత్తవాచీ గారూ, మీ కేసులో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది "సోమవారం నుంచి" అన్న మాట. నూనె ఒక్క రోజులో ఎండిపోదు. ఆ చక్రాన్ని ఊపే సన్నటి చుట్ల హెయిర్ స్ప్రింగ్‌కి అయస్కాంతం పడితే పక్కపక్క చుట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. స్ప్రింగ్ పొట్టిదైనట్టే లెక్క, చక్రం తొందరగా ఊగుతుంది. మీది గంటకు 28,800 సార్లు కొట్టుకునే రకమైతే, 4 నిమిషాలంటే రోజుకు 1,920 టిక్కులు అదనం. రోజు మొత్తం టిక్కులు 6,91,200 కాబట్టి ఇది వెయ్యికి మూడు కూడా కాదు. అంత చిన్న మార్పుకి చుట్లు కాస్త అంటుకుంటే చాలు.

గట్టి దెబ్బ తగిలి చుట్లు చిక్కుపడినా ఇలాగే పరిగెడుతుంది. అందుకే ముందు ముల్లున్న చిన్న దిక్సూచి తెచ్చి వాచీ మీద నెమ్మదిగా తిప్పి చూడండి. ఉక్కు భాగాలుంటాయి కాబట్టి ముల్లు కొంచెం లాగబడటం మామూలే. వాచీ టిక్కులతో పాటు ముల్లు వణికితే మాత్రం అయస్కాంతమే, అనుమానం లేదు. ఫోన్‌లో దిక్సూచి వద్దు, దాని స్పీకర్‌లోనే అయస్కాంతం ఉంటుంది.

బ్యాటరీచాలు: నాదీ అంతే, కానీ ఆగి ఆగి నడుస్తోంది. సెకన్ల ముల్లు నాలుగేసి సెకన్లు దూకుతోంది. అయస్కాంతమేనా?

పాతకీ: మీది క్వార్ట్జ్ అండి, కథ వేరు. అలా దూకడం చాలా మోడళ్లలో బ్యాటరీ అయిపోతోందన్న హెచ్చరిక. క్వార్ట్జ్ వాచీ అయస్కాంతం దగ్గర ఆగొచ్చు, దూరం తీస్తే మళ్లీ నడుస్తుంది. వేగం మారదు.

తాతగారివాచీ: నాకు జరిగింది చెప్తాను. ఇలాగే పరిగెడుతోందని తీసుకెళ్తే, ఒకాయన మూత తీసి, వేగం సరిచేసే రెగ్యులేటర్ లివర్ కాస్త జరిపి ఇచ్చారు. రెండు నెలలు బాగుంది. తర్వాత వేరేచోట అయస్కాంతం తీయించాను. అప్పట్నుంచి రోజుకు 3 నిమిషాలు వెనక! లివర్ మళ్లీ జరిపించుకోవాల్సి వచ్చింది. జబ్బు అలాగే ఉంచి థర్మామీటర్ దిద్దినట్టయింది.

కొత్తవాచీ: దిక్సూచి ముల్లు వణికింది! టాబ్లెట్ కవర్ మీద వాచీ పెట్టి పడుకునే అలవాటు, దాని అంచులో అయస్కాంతముందని ఇప్పుడే చూశాను. డీమాగ్నెటైజర్ తెప్పించి వాడితే మొదటిసారి ఇంకా ఎక్కువైంది, 7 నిమిషాలు. టెన్షన్ పడ్డాను.

పాతకీ: వాచీ దాని మీద ఉండగానే బటన్ వదిలేసి ఉంటారు. బటన్ నొక్కి పట్టుకునే వాచీని చేతికందినంత దూరం మెల్లగా తీయాలి, ఆ తర్వాతే వదలాలి. అటూ ఇటూ మారే ఆ క్షేత్రం క్రమంగా సన్నగిల్లితేనే లోపలి అయస్కాంతం పోతుంది. మధ్యలో తుంచితే కొత్తగా పట్టుకుంటుంది.

కొత్తవాచీ: అదే చేశానండి, సరిగ్గా పట్టేశారు. ఇప్పుడు మీరన్నట్టు చేస్తే 14 సెకన్లకు వచ్చింది. పాత 6 మాత్రం రాలేదు. ఆ తేడాకి సర్వీస్ చేయించాలా?

సెకన్లముల్లు: 14 సెకన్లకు ఎవరైనా విప్పుతారా? నడిచేదాన్ని కెలకొద్దు.

తాతగారివాచీ: అలా అని వదిలేయకండి. టైమ్ బాగా చూపిస్తూనే లోపల ఇరుసులు పొడిగా రాసుకుని అరిగే వాచీలున్నాయి. మాదాంట్లో నూనె నల్లటి పొడైంది, ఏ లక్షణమూ కనపడలేదు.

పాతకీ: ఇక్కడ నేను తాతగారివాచీ వైపే, కానీ 3 ఏళ్లకే కాదు. అయస్కాంతం ఇంకొకసారి తీసి చూడండి. తర్వాత పూర్తిగా కీ ఇచ్చి బల్ల మీద పెట్టి ఎన్ని గంటలకు ఆగుతుందో రాసుకోండి. టిక్కులు విని వేగం, ఊపు కొలిచే టైమ్‌గ్రాఫర్ ఉన్నచోట చక్రం ఊపు చూడమనండి. కీ నిండా ఉండి, డయల్ పైకి ఉన్నప్పుడు 270 డిగ్రీల పైన ఉంటే నాకు దిగుల్లేదు. 200 దగ్గరుంటే 14 సెకన్లయినా, 4 అయినా విప్పాల్సిందే.

కొత్తవాచీ: 42 గంటలు నడవాలని కాగితంలో ఉంది. నిన్న పెట్టాను, 37 గంటలకు ఆగింది.

సెకన్లముల్లు: అదేం తక్కువ కాదు.

పాతకీ: తక్కువే, కానీ ఆటోమేటిక్‌కి ఎన్ని తిప్పులకి కీ నిండిందో బయటికి తెలియదు. 40 సార్లకు తగ్గకుండా తిప్పి మళ్లీ పెట్టండి.