పొద్దున 142.3, సాయంత్రం 141.3: గోడ స్టేడియోమీటర్‌ది తప్పా, పిల్లాడిదా?

పీఈటీ_మాస్టర్
మా స్కూల్లో హెల్త్ కార్డుల కోసం పిల్లల ఎత్తు కొలవడానికి గోడకి బిగించే స్టేడియోమీటర్ కొన్నాం. పైన కొక్కెం, కిందికి లాగే టేపు, తల మీద ఆనే పలక ఉన్న రకం. ఏడో తరగతి పిల్లాడికి పొద్దున 9 గంటలకి 142.3 వచ్చింది, అదే పిల్లాడికి సాయంత్రం 4 గంటలకి 141.3. ఇంకో నలుగురికి కూడా సాయంత్రం తక్కువే వచ్చింది. సాయంత్రానికి మనిషి కాస్త తగ్గుతాడని విన్నాను గానీ సెంటీమీటరు ఎక్కువ అనిపిస్తోంది. వాపసు పంపాలా?

యోగా_రమణ
వాపసు వద్దండీ. వెన్నుపూసల మధ్య మెత్తలు ఉంటాయి కదా, రోజంతా బరువు పడి వాటిలో నీరు బయటికి పోతుంది. గంట గంటకీ కొంచెం చొప్పున సమానంగా తగ్గుతుంది. మధ్యాహ్నం కొలిస్తే సరిగ్గా సగటు వస్తుంది.

గ్రోత్‌క్లినిక్_సిస్టర్
నీరు పోతుందన్నది నిజం. సమానంగా తగ్గుతుందన్నది మాత్రం కాదు రమణ గారూ. 1985లో పెద్దవాళ్ల మీద చేసిన కొలతల్లో రోజు మొత్తం తగ్గుదల సుమారు 19 మిల్లీమీటర్లు వచ్చింది, అందులో సగానికి పైగా మంచం దిగిన మొదటి గంటలోనే. రాత్రి తిరిగి పొందేది కూడా అంతే, ఎక్కువ భాగం పడుకున్న మొదటి సగంలోనే వచ్చేస్తుంది. కాబట్టి మధ్యాహ్నం కొలత సగటు కాదు, అప్పటికే చాలామటుకు తగ్గిపోయి ఉంటుంది.

మాస్టారూ, ఆరు గంటలకి లేచిన పిల్లాడు 9కి మీ దగ్గరికి వచ్చేసరికి పెద్ద తగ్గుదల అయిపోయినట్టే. 9 నుంచి 4 లోపు పిల్లల్లో అర సెంటీమీటరు దగ్గర్లో తేడా మామూలు. పూర్తి సెంటీమీటరు వచ్చిందంటే మిగతా సగం వేరే ఎక్కడో ఉంది. పరికరమా, నిలబెట్టిన తీరా అన్నది ముందు తేల్చండి.

పరికరం సంగతి తేలిగ్గా తేలుతుంది. నిటారుగా ఉన్న పీవీసీ పైపు ఒకటి సరిగ్గా 150 సెంటీమీటర్లకి, కొసలు చదునుగా ఉండేలా కోయించండి. దాన్ని గోడకి ఆనించి నిలబెట్టి పలక దించి చదవండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పైపుకి వెన్నెముక లేదు. రెండుసార్లూ ఒకటే రావాలి.

మూలమట్టం
పైపు కొలిచేటప్పుడు స్టీలు టేపు కొసన ఉన్న కొక్కేన్ని నమ్మొద్దండి. అది కావాలనే కాస్త కదిలేలా పెడతారు, అరిగితే ఇంకా ఊగుతుంది. 10 దగ్గర గీత నుంచి మొదలుపెట్టి 160 దగ్గర కోయండి.

బిగింపులో జరిగే పొరపాటు ఇంకోటి. పైకొక్కేన్ని టేపుతో 200 కొలిచి కొట్టేస్తారు. అలా కాదు, పలకని నేల మీద పెట్టి, టేపు పైకి తీసుకెళ్లి, పలక మీద అంకె చదివే కిటికీలో సున్నా కనిపించిన చోట గుర్తు పెట్టి అక్కడ కొట్టాలి. కొక్కెం 4 మిల్లీమీటర్లు పైకి పోతే ప్రతి పిల్లాడూ 4 మిల్లీమీటర్లు పొట్టిగా కనిపిస్తాడు, కిందికి వస్తే పొడుగ్గా కనిపిస్తాడు. గోడ నిలువుగా ఉందో లేదో గుండు దారం వదిలి చూడండి. పిల్లలు నిలబడే చోట నేల మీద రసమట్టం పెట్టండి. వర్షం నీరు పోవడానికి వరండా నేలకి వాలు పెడతారు, అందుకని వరండా గోడకి బిగించొద్దు.

ఇంకోటి, గోడ అడుగున స్కర్టింగ్ టైలు ఉందా? ఉంటే అది సెంటీమీటరు మందాన ముందుకి పొడుచుకొస్తుంది. మడమలు దానికి తగిలి ఆగిపోతాయి, పిరుదులూ వీపూ గోడకి ఆనించాలని పిల్లాడు వెనక్కి వాలతాడు.

పీఈటీ_మాస్టర్
స్కర్టింగ్ ఉంది! నేను గమనించనే లేదు. మరి టైలు పగలగొట్టాలా?

మూలమట్టం
అక్కర్లేదు. టైలు మందమే ఉన్న నున్నటి ప్లైవుడ్ పలక రెండు మీటర్ల పొడవున టైలు పైనుంచి గోడకి బిగించండి, దాని మీద స్టేడియోమీటర్ పెట్టండి. వెనకంతా ఒకే నిలువులోకి వస్తుంది.

ఖాకీ_కల
అన్నా, నాదొక డౌట్. కానిస్టేబుల్‌కి 167.6 కావాలి. ఇంట్లో పొద్దున 168 వస్తుంది, సాయంత్రం 167 కూడా రావట్లేదు. ఎత్తు పెరగడానికి ఏం తినాలి?

గ్రోత్‌క్లినిక్_సిస్టర్
తమ్ముడూ, ఈ చర్చ ఎత్తు పెంచడం గురించి కాదు. ఎముకల కొసలు మూసుకున్నాక ఏ తిండీ పెంచదు. నీకు పనికొచ్చేది ఒకటే, ఇంటి కొలత నిజమో కాదో చూసుకో. గోడకి పుస్తకం ఆనించి పెన్సిల్‌తో గీత గీస్తే, పుస్తకం ముందు అంచు కాస్త పైకి లేచినా గీత తప్పుతుంది. పుస్తకం బదులు మేస్త్రీల మూలమట్టం పెట్టి ఇంకొకరి చేత కొలిపించుకో. నిద్ర లేచిన రెండు మూడు గంటల తర్వాత వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకో, మంచం దిగగానే వచ్చింది కాదు. పరుగు వెన్ను మీద అదనపు బరువు వేస్తుంది కాబట్టి ఆ రోజు కొలతకి ముందు పరుగు, బరువు బ్యాగు వద్దు.

ఖాకీ_కల
అర్థమైంది మేడం. మూలమట్టంతో రేపు చూస్తా.

గ్రోత్‌క్లినిక్_సిస్టర్
మాస్టారూ, ఇప్పుడు నిలబెట్టే తీరు. బూట్లు, సాక్సులు తీయించండి. మడమలు రెండూ కలిపి, పాదాల ముందు భాగాలు కాస్త విడిగా. మోకాళ్లు లోపలికి వంగే పిల్లలకి మడమలు కలవవు, వాళ్లకి మోకాళ్లు తాకేంత దూరంలో పాదాలు ఉంచితే చాలు. మడమలు, పిరుదులు, వీపు పైభాగం, తల వెనక గోడకి ఆనాలి. బొద్దుగా ఉన్న పిల్లలకి నాలుగూ ఆనవు, బలవంతంగా ఆనిస్తే వెన్ను వంగి కొలత తగ్గుతుంది. వాళ్లని నిటారుగా నిలబెట్టి, ఆనినంత వరకే ఆననివ్వండి.

ఎక్కువమంది తప్పేది తల దగ్గర. తలని గోడకి ఆనించే ప్రయత్నంలో పిల్లాడు గడ్డం పైకెత్తేస్తాడు. కంటి గుంత కింది ఎముక అంచు, చెవి రంధ్రం పై అంచు ఈ రెండూ నేలకి సమాంతరంగా ఒకే గీతలో ఉండాలి. అలా పెట్టినప్పుడు తల వెనక గోడకి తగలకపోయినా పరవాలేదు. పక్కనుంచి కూర్చుని చూస్తేనే ఇది తెలుస్తుంది, ఎదురుగా నిలబడితే తెలీదు. ఆడపిల్లల జడలు రిబ్బన్లతో మడిచి కట్టి ఉంటే అవి వెనకనుంచి తలని ముందుకి తోస్తాయి, విప్పించండి.

గట్టిగా ఊపిరి పీల్చి నిలపమనండి, మడమలు లేవకుండా ఇంకొకరు కింద చూస్తుండాలి. పలక జుట్టుని అణిచేదాకా దించి, మీ కన్ను గీత ఎత్తుకి తెచ్చి, మిల్లీమీటరు వరకు చదవండి. పైనుంచి చూస్తే ఒక అంకె, కిందనుంచి చూస్తే ఇంకో అంకె. పిల్లాణ్ణి పక్కకి దింపి మళ్లీ నిలబెట్టి రెండోసారి కొలవండి. రెండింటి మధ్య అర సెంటీమీటరు దాటితే మూడోది తీసుకోండి.

ఫిజియో_విజయనగరం
సిస్టర్ చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. తగ్గేది వెన్నే అని నిర్ధారించుకోవడానికి కూర్చోబెట్టి కూడా కొలవండి. ఊగని చెక్క పీట మీద, వీపు గోడకి ఆనించి, పొద్దునా సాయంత్రమూ. మడమ మెత్త, మోకాలి గుజ్జు కొద్దిగా నొక్కుకున్నా ప్రధానంగా తగ్గేది డిస్కులే. ఇరవైమూడు డిస్కులున్నాయి, ఒక్కోటి సగటున 0.65 మిల్లీమీటరు పలచబడినా మొత్తం 15 మిల్లీమీటర్లు. నిలబడ్డప్పుడు వచ్చిన తేడా దాదాపు అంతే కూర్చున్నప్పుడూ వస్తే అది శరీరం. నిలబడ్డప్పుడు మాత్రమే పెద్ద తేడా వస్తే అది కాళ్లు పెట్టిన తీరు.

నీరు ఎందుకు పోతుందంటే, డిస్కు లోపలి జిగురు పదార్థం నీటిని లాగి పట్టుకుంటుంది. పైబరువు ఆ లాగే శక్తిని మించినప్పుడు నీరు మెల్లగా బయటికి జారుతుంది. కొంత పోయాక మిగిలిన జిగురు చిక్కబడి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, అందుకే మొదటి గంటలో వేగం, తర్వాత నెమ్మది. పడుకుంటే బరువు దిగి నీరు వెనక్కి వస్తుంది. మధ్యాహ్నం కునుకు తీసిన పిల్లాడి కొలత సాయంత్రం కాస్త ఎక్కువగా రావడానికి కారణం అదే.

ఇద్దరు_పిల్లల_అమ్మ
మా అబ్బాయికి జులైలో పొద్దున 118.6 కొలిచారు. జనవరిలో స్కూలు అయ్యాక తీసుకెళ్తే 120.8. ఆరు నెలల్లో 2.2 మాత్రమే, ఏడాదికి 4.4, తక్కువని పరీక్షలు రాశారు. ఇప్పుడు చదువుతుంటే అనుమానం వస్తోంది.

గ్రోత్‌క్లినిక్_సిస్టర్
అమ్మా, డాక్టరు గారితో మాట్లాడి అదే పరికరం మీద జులైలో కొలిచిన వేళకే మళ్లీ కొలిపించండి. పొద్దున 121.3 వచ్చిందనుకోండి, ఆరు నెలలకి 2.7, ఏడాదికి 5.4 అవుతుంది. అర సెంటీమీటరు తేడాని ఆరు నెలల లెక్కలో రెండింతలు చేస్తాం కాబట్టి ఏడాదికి సెంటీమీటరు తప్పిపోతుంది. మూడు నెలలకే లెక్కేస్తే నాలుగింతలు. పరీక్షలు మానేయమని మాత్రం అనను, ఆ నిర్ణయం వాళ్లది. కొలిచిన గంట వాళ్లకి చెప్పండి.

యోగా_రమణ
తల కింద రెండు చేతులూ పెట్టి పైకి లాగి కొలిస్తే ఈ తేడానే ఉండదని విన్నాను. అలా చేస్తే సరిపోదా?

గ్రోత్‌క్లినిక్_సిస్టర్
చెవి వెనక బొడిపెల కింద మెల్లగా పైకి ఎత్తడం పాత పద్ధతే, మేమూ చేస్తాం. తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఫిజియో_విజయనగరం
నేను వద్దంటాను. ఒకరు లాగే బలం ఇంకొకరికి రాదు. స్కూల్లో ఈ నెల ఒకరు, వచ్చే నెల ఇంకొకరు కొలుస్తారు. సాయంత్రం తేడాని తగ్గించబోయి మనుషుల మధ్య తేడా తెచ్చుకుంటారు. ఊపిరి పీల్చి నిటారుగా నిలబడమనడం చాలు.

గ్రోత్‌క్లినిక్_సిస్టర్
శిక్షణ పొందిన ఇద్దరే కొలిచే క్లినిక్‌లో మీ అభ్యంతరం అంత బలంగా నిలవదు. స్కూలుకైతే ఒప్పుకుంటాను. లాగారో లేదో, ఎన్ని గంటలకో కార్డు మీద రాయండి మాస్టారూ. లాగిన కొలతనీ లాగని కొలతనీ ఒకే గీత మీద పెట్టకూడదు.

పీఈటీ_మాస్టర్
ప్లైవుడ్ వేయించాను, పైపు కోయించాను. పైపు పొద్దున 149.6, సాయంత్రం 149.6. అంటే కొక్కెం 4 మిల్లీమీటర్లు పైకి కొట్టారు. అది దించి సున్నా సరిచేశాక 150.0 వచ్చింది. ఆ పిల్లాడే, లాగకుండా, 9:10కి 142.8, నాలుగింటికి 142.3. పీట మీద కూర్చోబెడితే, పీట ఎత్తుతో కలిపి, పొద్దున 118.9, సాయంత్రం 118.5. తేడా అరకి వచ్చింది, అందులో 4 మిల్లీమీటర్లు కూర్చున్నప్పుడూ కనిపించింది.

వాపసు పంపడం లేదు. అందరినీ పొద్దున మొదటి పీరియడ్‌లోనే కొలుస్తాం. ఒక్క సందేహం మిగిలింది. వెన్ను పక్కకి వంగిన పాప ఒకతి ఉంది, ఆమె అంకెని ఏ లెక్కన రాయాలి?

ఫిజియో_విజయనగరం
వచ్చిన అంకెనే రాసి, పక్కన వెన్ను వంపు ఉందని రాయండి. చేతులు చాపిన వెడల్పు కూడా కొలిచి పెట్టండి, డాక్టరు గారికి పనికొస్తుంది. దాన్నుంచి ఎత్తుని మీరు లెక్కగట్టకండి.