«వెళ్ళిపోతున్నారట»లో ఏది తీయాలి?

నీలాంబరి: ఎం.ఏ. విద్యార్థిని ప్రాజెక్టు చిత్తుప్రతిలో వాక్యం: "బోర్లన్నీ ఎండిపోయాయి కాబట్టి చాలామంది ఊరొదిలి వెళ్ళిపోతున్నారట." మాట్లాడే ధోరణి తగ్గించమంటే ఇలా తిరిగొచ్చింది: "గొట్టపు బావులన్నియు శుష్కించుటచే అనేకులు గ్రామమును పరిత్యజించి వెడలుచున్నారు." ఈ రెండిటికీ మధ్య దారేది? ఆ చివరి «ట» స్థానంలో ఏం రాయాలి?

పాతపుస్తకం: వాడుక భాషలో రాస్తే తప్పేమిటండీ? గురజాడ 1914లోనే మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చాడు కదా. మళ్ళీ మొదటికొచ్చామా?

సంధివిగ్రహం: మాస్టారూ, ఇక్కడ గొడవ గ్రాంథికం మీద కాదు. రెండో ప్రతిలో «శుష్కించుట» కన్నా పెద్ద నష్టం ఇంకోటుంది: «ట» ఎగిరిపోయింది. ఎవరో చెబితే విన్న సంగతి, విద్యార్థిని స్వయంగా తేల్చిన విషయమైపోయింది. «ట» తీసేశాక ఆ మాట ఎవరిదో చెప్పాలి: "…వెళ్తున్నారని ముఖాముఖిలో రైతులు చెప్పారు." పేపర్లో చదివిందైతే పేపరు పేరు, తేదీ.

మెట్టపంట: దాంతోపాటు «పో»లన్నీ కొట్టేయండి. అవి వట్టి మాటతీరు.

సంధివిగ్రహం: అన్నీ కొట్టేస్తే ఎలా? "బోర్లు ఎండాయి" అని పైకి చదివి చూడండి, ఆరేసిన బట్టల్లా ఉంటుంది. అక్కడ «పో» ఉండాల్సిందే. "వెళ్ళిపోతున్నారు"లో మాత్రం ఇక తిరిగిరారన్న ధ్వని ఉంది. పంట కాలానికి తిరిగొచ్చేవాళ్ళయితే అది అబద్ధమవుతుంది.

మెట్టపంట: మా వైపు కూలికి నాలుగు నెలలు వెళ్ళినా వలసపోయారనే అంటాం. తిరిగిరారని ఎవరూ అనుకోరు.

సంధివిగ్రహం: అందులో «పో» అసలు క్రియే, తోక కాదు. "వలస పోతున్నారు" నిక్షేపంగా రాయొచ్చు.

కెమిస్ట్రీ లాబ్: మా రికార్డుల్లో "యాసిడ్ కలిపేశాం" అని రాస్తారు. "కలపబడినది" అని దిద్దమంటారా?

సంధివిగ్రహం: వద్దు. "కలిపాం" చాలు. ఎన్ని మిల్లీలీటర్లో పక్కనే రాయించండి. అలాగే నీలాంబరి గారూ, "బోర్లన్నీ"ని "బోర్లు అన్నీ" అని విడదీస్తే ఒరిగేదేమీ లేదు. ఎన్ని చూస్తే ఎన్ని ఎండిపోయాయో అడగండి. "ఊరొదిలి"ని "ఊరు వదిలి" చేస్తే సరి. "చేస్తున్నారు"ని మాత్రం "చేస్తూ ఉన్నారు" అని సాగదీయనివ్వకండి. "కాబట్టి"ని ముట్టుకోనక్కర్లేదు.

నీలాంబరి: అయితే ఇలా: "బోర్లు ఎండిపోవడంతో పలు కుటుంబాలు వలస వెళ్తున్నాయని రైతులు చెప్పారు." లెక్క అమ్మాయి దగ్గర ఉంటే «పలు» బదులు అంకె వేయిస్తాను.

మెట్టపంట: ఆమె రాసింది "చాలామంది". మీరు "కుటుంబాలు" చేశారు. ఇంటిల్లిపాదీ వెళ్తున్నారని ఎవరు చెప్పారు?

పాతపుస్తకం: అన్నట్టు, గురజాడ ఆ పత్రం రాసింది ఇంగ్లీషులో. అది ఎవరూ అనరేం?