మూడు లాట్ల సగటు రేటు: 13,000 సరైందా, 12,150 సరైందా?

పొలంగట్టు: అన్నా నేనూ కలిపి తేజ మిర్చి మూడు లాట్లుగా గుంటూరు యార్డులో అమ్మాం. క్వింటాల్ రేట్లు 18,000, 14,000, 7,000. ఎక్సెల్‌లో AVERAGE కొడితే 13,000 వచ్చింది. అన్న మాత్రం నాకు 12,150 లెక్కన ఇచ్చాడు. నా 16 క్వింటాళ్ల మీద 13,600 తగ్గింది. తప్పు ఎవరి లెక్కలో ఉంది?

లెక్కలమాస్టారు: ఏ లాటు ఎన్ని క్వింటాళ్లు తూగిందో రాయలేదు. అది లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

పొలంగట్టు: మేలురకం 6, మీడియం 20, తాలు 14. మొత్తం 40. ఖర్చులు పోను వచ్చిన రేట్లే రాశాను.

నాలుగోలైను: మూడు రేట్లు కూడి మూడుతో భాగించడమే కదా సగటు? చిన్నప్పుడు బడిలో నేర్పింది అదే. మీ అన్న ఏదో నొక్కేశాడు.

లెక్కలమాస్టారు: అలా అనేయకండి, అన్నదమ్ముల మధ్య విషయం ఇది. ముందు డబ్బు చూడండి. మేలురకానికి 1,08,000, మీడియానికి 2,80,000, తాలుకు 98,000. మొత్తం 4,86,000. మీరన్న 13,000ను 40 క్వింటాళ్లకు కడితే 5,20,000 అవుతుంది. ఆ పైన 34,000 ఏ వ్యాపారి ఇచ్చాడు? ఎవరూ ఇవ్వలేదు. 18,000 పలికింది 6 క్వింటాళ్లకే. మూడుతో భాగించినప్పుడు ఆ 6 క్వింటాళ్లకూ, 14 క్వింటాళ్ల తాలుకూ ఒకే విలువ ఇచ్చేశారు. అందుకే రేటు పైకి లేచింది. క్వింటాళ్లు B కాలమ్‌లో, రేట్లు C కాలమ్‌లో ఉంటే ఇది కొట్టండి:

```
=SUMPRODUCT(B2:B4,C2:C4)/SUM(B2:B4)
```

12,150 వస్తుంది.

పాతబస్తా: ఇంత హంగామా ఎందుకు మాస్టారూ? పట్టీలో మొత్తం డబ్బు ఉంటుంది, దాన్ని టిక్కీల సంఖ్యతో భాగిస్తే అయిపోయె. మా నాన్న కాలం నుంచీ మాది అదే పద్ధతి.

లెక్కలమాస్టారు: మొత్తం డబ్బును మొత్తం సరుకుతో భాగించడం అక్షరాలా సరైనదే. పైన ఫార్ములా చేసేదీ అదే, అందులో మంత్రమేమీ లేదు. టిక్కీలతో భాగించడం దగ్గరే తేడా వస్తుంది. రేటు క్వింటాల్‌కు పలికితే భాగించాల్సింది కాటా తూకంతోనే. తాలు టిక్కీ, మంచి కాయ టిక్కీ ఒకే బరువు తూగుతాయా?

పాతబస్తా: తూగవు. కానీ మేం సమంగా తొక్కి నింపుతాం.

లెక్కలమాస్టారు: సమంగా నింపితే పరిమాణం సమం అవుతుంది, బరువు కాదు.

పాతబస్తా: నలభై ఏళ్లు చేసినవాణ్ణి, నాకు చెబుతున్నారు.

పొలంగట్టు: మాస్టారూ, పట్టీ చూసి కొత్త షీట్‌లో మళ్లీ ఎక్కించి మీ ఫార్ములా కొట్టాను. 9,450 వచ్చింది! మీకన్నా మా అన్నే నయం. ఇలాంటి ఫార్ములాలతోనే రైతుల నోట్లో మట్టి కొడతారు.

నాలుగోలైను: నేను ముందే చెప్పాను.

గడిలోపలిమనిషి: కోపం తర్వాత, ముందు C2 గడి చూడండి. అంకె గడిలో కుడివైపు అంటుకుని ఉందా, ఎడమవైపా?

పొలంగట్టు: ఎడమవైపు. మిగతా రెండూ కుడివైపు ఉన్నాయి. పట్టీలో ఉన్నట్టే 18000/- అని రాశాను.

గడిలోపలిమనిషి: దొరికింది. చివర ఆ గీత పెట్టగానే ఎక్సెల్‌కు అది అంకె కాదు, మాట. SUMPRODUCTలో కామా పెట్టి రాస్తే మాట ఉన్న గడిని సున్నా కింద తీసుకుంటుంది, ఎర్రర్ ఇవ్వదు. పైన 1,08,000 ఎగిరిపోయింది, కింద 40 క్వింటాళ్లు అలాగే ఉన్నాయి. 3,78,000ను 40తో భాగిస్తే మీ 9,450. సరైనదానిలాగే కనిపించే తప్పు ఇది, అందుకే ప్రమాదం. నేనైతే కామా బదులు గుణకారం గుర్తు పెడతాను. మాట దొరికితే #VALUE! అని మొహం మీదే చెబుతుంది. COUNT కూడా కొట్టి చూడండి, 3 రావాలి. మీకు 2 వస్తుంది.

```
=SUMPRODUCT(B2:B4*C2:C4)/SUM(B2:B4)
=COUNT(C2:C4)
```

పొలంగట్టు: 2 వచ్చింది. గీత తీసేశాను, 12,150. మాస్టారూ, తొందరపడి అన్నాను, ఏమీ అనుకోకండి.

క్రెడిట్లఅమ్మ: మా అమ్మాయి కాలేజీలోనూ ఇదే మోసం అండీ! ల్యాబ్‌లో 10, థియరీలో 7 వచ్చాయి. సగటు 8.5 కదా, మెమోలో 8 వేశారు. మిర్చి వాళ్లకే అనుకున్నాను, మాకూ జరిగింది.

లెక్కలమాస్టారు: అమ్మా, అది మోసం కాదు. థియరీ 3 క్రెడిట్లు, ల్యాబ్ 1.5 అయితే 21, 15 కూడి 4.5తో భాగిస్తారు, 8 వస్తుంది. ఒకసారి మెమోలో క్రెడిట్లు చూడండి.

క్రెడిట్లఅమ్మ: ఉన్నాయి, అవే అంకెలు. కానీ ల్యాబ్‌కు రోజంతా నిలబడింది పిల్ల. దానికి సగం విలువ ఏమిటి?

పాతబస్తా: అదీ మాట. విలువ ఎవరు కట్టారన్నదే అసలు ప్రశ్న. మీ మాస్టారు అంకెలు పట్టుకుని వేలాడుతున్నారు. పొలంగట్టు, ఒకటి చెప్పు తమ్ముడూ. ఆ మేలురకం 6 క్వింటాళ్లు ఎవరి చేనువి?

పొలంగట్టు: నావే. అన్నీ నావే. నా 16లో 6 మేలురకం, 10 మీడియం. తాలు మొత్తం అన్నది. కల్లంలో ఆరబోసిన కాయ మీద వాన పడింది, పట్టాలు సమయానికి కప్పలేదు.

గడిలోపలిమనిషి: ఓహో. అయితే మీ సరుకుకు మీకు రావాల్సింది 1,08,000, 1,40,000 కలిపి 2,48,000. మీ చేతికొచ్చింది 1,94,400. తేడా 13,600 కాదు, 53,600.

పొలంగట్టు: అంటే మొదటి నుంచీ తప్పు అంకె మీద కొట్టుకుంటున్నానా?

లెక్కలమాస్టారు: 12,150 అనేది 40 క్వింటాళ్లకూ కలిపి సరైన సగటే. కానీ సగటు మీద పంచుకోవాలా, ఎవరి లాటు వాళ్లు తీసుకోవాలా అన్నది SUMPRODUCT చెప్పదు. మీ ఇద్దరూ ముందు ఏమనుకున్నారు?

పొలంగట్టు: కలిపి అమ్ముదాం, క్వింటాల్‌కు ఒకే లెక్కన పంచుకుందాం అని అన్న అన్నాడు. నేను సరే అన్నాను. అప్పటికి వాన పడలేదు.

పాతబస్తా: సరే అన్నాక మాట మాటే. వాన నీ కల్లం మీద పడుంటే అప్పుడు సగటు వద్దనేవాడివా?

నాలుగోలైను: పట్టా కప్పకపోతే వాన తప్పెలా అవుతుంది పాతబస్తా గారూ? తాలు నష్టం తమ్ముడెందుకు మోయాలి?

పాతబస్తా: కలిపినప్పుడు లాభం మోసేవాడే నష్టమూ మోయాలి.

గడిలోపలిమనిషి: వచ్చేసారి కలిపినా సరే, షీట్‌లో చేను పేరుకు ఒక కాలమ్ పెట్టండి. అప్పుడు ఏ మాట మీద నిలబడినా లెక్క రెండు విధాలా కనిపిస్తుంది.

పొలంగట్టు: సాయంత్రం అన్న దగ్గరికి పట్టీ పట్టుకెళ్తున్నాను. 53,600 అడగాలో, 13,600 అడిగినందుకు తప్పయిందనాలో తెలియట్లేదు. వదిన పకోడీ వేస్తానంది, అదొక్కటి ఖాయం.