రెండుసార్లు నొక్కే కంప్రెసర్‌కు కరెంటు తక్కువ ఎందుకు పడుతుంది?

రాయగడ టైర్లు
లారీ టైర్ల దుకాణం మాది. పాత కంప్రెసర్ ఒకే దశది. 8 కిలోల ఒత్తిడి వరకు ఎక్కించాలంటే ఆపసోపాలు పడుతోంది, హెడ్డు కాలిపోతోంది. అందుకని రెండు దశల కంప్రెసర్ ఒకటి పాతది కొన్నాను. పెద్ద సిలిండరు, చిన్న సిలిండరు, మధ్యలో రెక్కల గొట్టం ఉన్నాయి. అమ్మినాయన కరెంటు తగ్గుతుందన్నాడు. ఒకసారి నొక్కిన గాలిని మళ్లీ నొక్కితే పని పెరగాలి గానీ తగ్గడం ఏమిటి? ఎవరైనా లెక్కతో చెప్పగలరా?

గుణుపురం డిప్లొమా
సులువే అండీ. 8 కిలోలు ఒక్కడే మోయకుండా ఇద్దరు పంచుకుంటున్నారు. ఒక్కో పిస్టన్ మీద భారం తక్కువ, అందుకే మోటారు తక్కువ లాగుతుంది. పైగా రెండో సిలిండరు చిన్నది కాబట్టి దాని పని ఇంకా తక్కువ.

బరంపురం రంగులు
నాకు కార్లకు రంగు వేసే షెడ్డు ఉంది. ట్యాంకు పెద్దది పెట్టుకుంటే కరెంటు తగ్గుతుందని అందరూ అంటారు. మీరు కూడా ట్యాంకు మార్చి చూడండి. అన్నట్టు, స్ప్రే గన్‌కు 3 కిలోలు చాలు. నేను కూడా రెండు దశలది కొనాలా?

పర్లాకిమిడి మాస్టారు
రంగుల మిత్రులారా, ట్యాంకు గాలిని దాచుకునే చోటు మాత్రమే. మోటారు ఎన్నిసార్లు ఆగి మొదలవుతుందన్నది ట్యాంకును బట్టి మారుతుంది, గాలిని నొక్కే పని మారదు. మీ 3 కిలోల సంగతి తర్వాత చూద్దాం.

గుణుపురం బాబూ, పంచుకోవడం వల్ల ఒక్కో రాడ్ మీద బలం తగ్గుతుంది, నిజమే. మొత్తం పని మాత్రం దానివల్ల తగ్గదు. లెక్క చూడు. గేజీలో 8 అంటే బయటి వాతావరణం కలుపుకుని సుమారు 9. బయటి గాలి 27 డిగ్రీలు, వెయ్యి లీటర్లు తీసుకుందాం. నొక్కుతున్నప్పుడు సిలిండరు గోడలు కొంత వేడిని లాగేస్తాయి కాబట్టి ఒత్తిడి, ఘనపరిమాణాల సూత్రంలో ఘాతాంకం 1.3 వేసుకుందాం. రాపిడి వదిలేస్తే ఒకే దశలో 1 నుంచి 9కి ఎక్కించడానికి 286 కిలోజౌళ్లు పడతాయి, బయటికొచ్చే గాలి 225 డిగ్రీలుంటుంది.

ఇప్పుడు రెండు దశలు. మొదటి సిలిండరు 1 నుంచి 3 వరకు నొక్కింది, 125 కిలోజౌళ్లు అయ్యాయి. వెయ్యి లీటర్ల గాలి ఇప్పుడు 430 లీటర్లు, వేడి 114 డిగ్రీలు. మధ్యలో చల్లబరచకుండా ఈ వేడి గాలినే రెండో సిలిండరుకు ఇస్తే 3 నుంచి 9కి ఎక్కించడానికి 161 పడతాయి. 125, 161 కలిపితే 286. ఒకే దశ లెక్కే మళ్లీ వచ్చింది! రూపాయి కూడా మిగలలేదు.

అదే గాలిని రెక్కల గొట్టంలో తిప్పి మళ్లీ 27 డిగ్రీలకు తెస్తే, 3 వద్ద ఒత్తిడి అలాగే ఉండి 430 లీటర్లు 333కు కుంచించుకుపోతాయి. రెండో పిస్టన్ తోయాల్సింది ఆ 333 లీటర్లనే. పని 125కు దిగుతుంది. మొత్తం 250. అంటే ఎనిమిదింట ఒక వంతు మిగులు. ఆ మిగులంతా రెండు సిలిండర్ల మధ్య ఉన్న గొట్టం పుణ్యమే. చిన్న సిలిండరు పని తక్కువ కాదు, పెద్దదానితో సమానం. చల్లబడ్డ గాలికి తక్కువ చోటు చాలు కాబట్టి అది చిన్నగా ఉంది, అంతే.

గుణుపురం డిప్లొమా
మాస్టారూ, ఒక అనుమానం. గొట్టంలో వదిలేస్తున్న వేడి కూడా మనం కరెంటుతో కొన్నదే కదా. బయటికి పారేస్తే నష్టం కావాలి గానీ లాభం ఎలా?

పర్లాకిమిడి మాస్టారు
మంచి ప్రశ్న. ఒకే దశలో 225 డిగ్రీలతో ట్యాంకులోకి పోయిన గాలి టైరు దాకా ఆ వేడితోనే వెళుతుందా? ట్యాంకులో, పైపులో చల్లారి మామూలుగా అయిపోతుంది. ఎలాగూ పోయే వేడి అది. చివరలో పోతే, ఉబ్బి ఉన్న గాలినంతా తోసిన తర్వాత పోయినట్టు. మధ్యలోనే పోతే మిగతా పని చిన్న గాలి మీద జరుగుతుంది. వేడి గాలే కావాల్సిన చోట లెక్క వేరు. టైరుకు అది అక్కర్లేదు.

బల్లార్షా ఫిట్టర్
బొగ్గు గనిలో కంప్రెసర్ల మీద చాలాకాలం పనిచేశాను. మాస్టారి లెక్కకు ఒక మాట కలుపుతాను. కరెంటు కన్నా ముందు మాకు భయం వాల్వులది. 200 డిగ్రీలు దాటితే నూనె మాడి డెలివరీ వాల్వు మీద బొగ్గు పేరుకుంటుంది. వాల్వు సరిగా మూసుకోదు, వేడి గాలి వెనక్కి వచ్చి మళ్లీ నొక్కబడుతుంది, ఇంకా వేడెక్కుతుంది. రెండు దశల్లో 114 దగ్గరే ఆగితే ఆ గొడవ చాలా తగ్గుతుంది.

రాయగడ వారూ, మీ కొత్త యంత్రం ఎలా నడుస్తోంది? అది చెప్పలేదు.

రాయగడ టైర్లు
అసలు చిక్కు అదే. కొత్తది కూడా బాగా వేడెక్కుతోంది. ఈ మధ్యే మోటారు వైండింగు చేయించి బిగించారు. గాలి మాత్రం బాగానే ఎక్కుతోంది.

బల్లార్షా ఫిట్టర్
ఫ్లైవీల్ చువ్వలు ఫ్యాను రెక్కల్లా వంకరగా ఉన్నాయా? ఉంటే దాని మీదో గార్డు మీదో బాణం గుర్తు వెతకండి. పిస్టన్ కంప్రెసర్ ఎటు తిరిగినా గాలి ఎక్కిస్తుంది కాబట్టి తప్పు బయటపడదు. కానీ చక్రం తలకిందులుగా తిరిగితే గాలి రెక్కల గొట్టం మీదికి పోవాల్సింది పోయి ఎదురు దిక్కుకు పోతుంది. వైండింగు తర్వాత తీగలు మారడం మామూలే. త్రీ ఫేజ్ అయితే మెయిన్ ఆపించి, ఏవైనా రెండు ఫేజు తీగలు ఒకదాని చోట ఒకటి పెట్టించండి, దిక్కు మారుతుంది.

రాయగడ టైర్లు
బాణం ఉంది. చక్రం దానికి ఎదురుగానే తిరుగుతోంది! రేపు ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాను. ఇదొక్కటేనా కారణం?

పర్లాకిమిడి మాస్టారు
ఇదొక్కటే అని నేను ప్రమాణం చేయను. గొట్టం సరిగా చల్లబరచక రెండో సిలిండరుకు 60 డిగ్రీల గాలి పోతుందనుకుందాం. దాని పని పదకొండు శాతం దాకా పెరుగుతుంది. మధ్య ఒత్తిడి కూడా పెరుగుతుంది, ఎందుకంటే చిన్న సిలిండరు ఆ ఉబ్బిన గాలిని పాత ఒత్తిడిలో పట్టలేదు.

బల్లార్షా ఫిట్టర్
మధ్య ఒత్తిడి పెరిగితే గొట్టాన్నే అనుమానించకండి మాస్టారూ. చిన్న సిలిండరు వాల్వు కారినా అదే పెరుగుతుంది, గొట్టం మీది సేఫ్టీ వాల్వు చీదుతుంది. పెద్ద సిలిండరు వాల్వు కారితేనో, ఫిల్టరు మూసుకుపోతేనో మధ్య ఒత్తిడి తగ్గుతుంది. తేడా తెలియాలంటే గొట్టం రెండు కొసల వేడి తుపాకీ థర్మామీటరుతో చూడండి, చేయి పెట్టకండి. రెండు కొసలూ దాదాపు ఒకేలా కాలుతుంటే తప్పు చల్లబరచడంలో. అటు కాలుతూ ఇటు చల్లగా ఉండి కూడా మధ్య ఒత్తిడి ఎక్కువుంటే వాల్వు విప్పాల్సిందే. రెక్కల్లో రబ్బరు పొడి, దుమ్ము కూడా చూడండి. టైర్ల దుకాణాల్లో అది తప్పదు.

బరంపురం రంగులు
నా 3 కిలోల సంగతి ఎవరూ చెప్పలేదు.

పర్లాకిమిడి మాస్టారు
ట్యాంకును 3 కిలోల దగ్గరే ఉంచితే లెక్కలో ఎనిమిది శాతం దాకా మిగులు కనిపిస్తుంది. కానీ అదనపు వాల్వులు, గొట్టంలో ఒత్తిడి నష్టం, రెండో పిస్టన్ రాపిడి ఇందులోంచే తీసుకోవాలి. మీకు ఒకే దశ చాలు.

బల్లార్షా ఫిట్టర్
నేను ఒప్పుకోను. రంగు షెడ్డులో ట్యాంకును 8 దాకా నింపి, రెగ్యులేటరుతో 3కు దించి వాడేవాళ్లే ఎక్కువ. అలాగైతే కంప్రెసర్ పని 8 కిలోల పనే. ముందు ఆయన మోటారును ఆపే కటౌట్ స్విచ్ ఎంత దగ్గర పెట్టారో చెప్పమనండి.

బరంపురం రంగులు
కటౌట్ 7 దగ్గర ఉంది. దాన్ని 4కు దించితే గన్‌కు గాలి చాలుతుందా?