రసం కప్పుకి ఎన్ని కేలరీలు? సాంబారుకి ఎన్ని?

కావలి కోడలు: పొద్దున్నుంచీ ఫోన్లో ఆప్‌లు చూసీ చూసీ తల వాచిపోయింది. ఒకదాంట్లో కప్పు రసం 30 కేలరీలంటుంది, ఇంకోదాంట్లో 70. సాంబారుదీ ఇదే గోల. మా ఇంట్లో మామూలు రసమే, మామూలు సాంబారే. ఒక్క లెక్క చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఒంగోలు మెస్: రసం పలుచన. అందుకే తేలిక. ఇందులో లెక్కేముంది?

గూడూరు పిల్ల: అయితే సాంబార్లో రెండు గ్లాసులు నీళ్లు పోసేస్తే కేలరీలు తగ్గినట్టేగా!

కందుకూరు అత్తమ్మ: కప్పులో తగ్గుతాయి, గిన్నెలో తగ్గవు. పలుచనయిందని రెండు కప్పులు పోసుకుంటే మళ్లీ అక్కడికే. నీళ్లకు కేలరీలు లేవు, అసలు బరువంతా పప్పుదీ నూనెదీ. 200 మి.లీ. కప్పులు ఆరు వచ్చేలా సాంబారు పెట్టామనుకో. కందిపప్పు 100 గ్రాములు వేస్తే దాంట్లోనే 340. తిరగమోతకి మూడు టీస్పూన్ల నూనె 120. ములక్కాడ, ఆనపకాయ, ఉల్లిగడ్డ కలిపి ఓ 70, చింతపండు, బెల్లం, పొడి ఇంకో 70. మొత్తం 600, కప్పుకి 100. అదే ఆరు కప్పుల రసానికి చింతపండు 40, రెండు టమాటాలు 40, ఒక టీస్పూను నూనె 40, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి 30. అంటే 150, కప్పుకి 25.

నెల్లూరు పెద్దాయన: అదంతా సరే, చారు సత్తు గిన్నెలో కాచాలి. స్టీలు గిన్నెలో కాచిన చారుకి ఆ వాసన రాదు. ఈ కాలం పిల్లలకి చెప్పినా ఎక్కదు.

ఒంగోలు మెస్: సత్తు గిన్నెకీ కేలరీలకీ సంబంధమేంది సార్?

కావలి కోడలు: అత్తమ్మా, మేం రసంలో గుప్పెడు కందిపప్పు మెదిపి వేస్తాం. తిరగమోత నేతితో, రెండు స్పూన్లు. అందరూ అంతేగా?

కందుకూరు అత్తమ్మ: అది ముందు చెప్పాల్సిందమ్మా! గుప్పెడంటే 40 గ్రాములు, దాంతో 135 పెరిగింది. నెయ్యి ఇంకో స్పూను, 40. మొత్తం 325, కప్పుకి దాదాపు 55. నీ ఆప్‌లు రెండూ తప్పు కాదు, ఒకటి ఉత్త చారుకి చెప్తోంది, ఇంకోటి నీలాంటి రసానికి.

నెల్లూరు పెద్దాయన: దాన్ని పప్పుచారంటారు. రసమంటే ఎట్లా?

ఒంగోలు మెస్: మా మెస్సులో బోర్డు మీద రసమనే రాస్తాం. ఎవరూ లేచిపోలేదు.

గూడూరు పిల్ల: మరి గరిటె పెట్టకుండా పైన తేట పోసుకుంటే?

కందుకూరు అత్తమ్మ: పప్పు అడుగున ఉంటుంది గానీ నెయ్యి పైనే తేలుతుంది. ముందు పోసుకున్నవాళ్ల కప్పులోకి అదే పోతుంది. కలిపి పోసుకోండి, అప్పుడే లెక్క నిలుస్తుంది.

సింగరాయకొండ: మా ఆయనకి షుగరు. రసం తాగచ్చా?

కందుకూరు అత్తమ్మ: రసంతో పేచీ లేదు, దాంట్లో కలిపే అన్నం ఎంతో చూడండి. ఓ కప్పు అన్నమే 200 దాటుతుంది. మిగతాది డాక్టరుని అడగాలి.

కావలి కోడలు: సరే, 55 అని రాసుకున్నా. థ్యాంక్స్.

నెల్లూరు పెద్దాయన: పప్పుచారని రాసుకో.